టెక్ సందేహాలు: ఆఫీసుకు నెక్‌బ్యాండా, ఇయర్‌బడ్సా?

ప్రశ్న: ఆఫీసులో రోజుకు నాలుగు గంటల దాకా ల్యాప్‌టాప్‌లో మీటింగులు ఉంటాయి, మధ్యమధ్యలో ఫోన్ కాల్స్ వస్తాయి. రెండు వేల రూపాయల లోపు నెక్‌బ్యాండ్ తీసుకోవాలా, ఇయర్‌బడ్స్ తీసుకోవాలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ అవసరానికి నెక్‌బ్యాండే సరిపోతుంది. ముఖ్య కారణం బ్యాటరీ. ఇయర్‌బడ్స్ పెట్టె మీద 40 గంటలని రాసి ఉన్నా, అందులో ఎక్కువ భాగం కేసులో దాచి ఉంచిన ఛార్జింగ్‌దే. ఈ ధరలో ఒక్కో బడ్‌లో ఉండే బ్యాటరీ సాధారణంగా 35 నుంచి 50 ఎంఏహెచ్ మాత్రమే కాబట్టి, పాటలకు ఆరేడు గంటలు వచ్చేది, మైక్ కూడా పనిచేసే కాల్స్‌లో నాలుగు గంటలకు అటూఇటూగా ఆగిపోవచ్చు. కొత్తలో మీకు బొటాబొటిగా సరిపోయినా, ఏడాదిన్నర తర్వాత బ్యాటరీ నీరసించినప్పుడు మీటింగ్ మధ్యలోనే ఒక చెవి మూగబోతుంది. నెక్‌బ్యాండ్‌లో బ్యాటరీ ఇంతకు మూడు నాలుగు రెట్లు పెద్దది. అది సగానికి తగ్గినా మీ రోజు గడిచిపోతుంది.

రెండో విషయం, ల్యాప్‌టాప్‌కూ ఫోన్‌కూ ఒకేసారి కలిసి ఉండటం. దీన్ని మల్టీపాయింట్ అనీ, డ్యూయల్ పెయిరింగ్ అనీ రాస్తారు. అయితే కొన్ని చవక మోడళ్లు రెండు పరికరాలను గుర్తుపెట్టుకుంటాయే తప్ప, ఒకసారి ఒకదానితోనే కలుస్తాయి. అందుకే వాపసు గడువు ముగియకముందే ల్యాప్‌టాప్‌లో ఏదైనా వీడియో నడిపిస్తూ, ఇంకొకరి చేత మీ ఫోన్‌కు కాల్ చేయించండి. వీడియో శబ్దం ఆగి, రింగు చెవిలో వినిపించి, కాల్ ముగిశాక బ్లూటూత్ సెట్టింగుల జోలికి వెళ్లకుండానే వీడియో మళ్లీ వినిపిస్తే అది నిజమైన మల్టీపాయింట్.

నెక్‌బ్యాండ్‌కూ లోపాలున్నాయి. మైక్ మెడ పట్టీలో ఉన్న మోడళ్లలో అది చున్నీకో, కాలర్‌కో రాసుకుంటే అవతలివారికి బరబరమని వినిపిస్తుంది. తీగ మీద, నోటికి దగ్గరగా మైక్ ఉన్నది దొరికితే మేలు. చెవి ముక్కలోకి తీగ వెళ్లే అతుకు దగ్గరే ఇవి ఎక్కువగా తెగుతాయి కనుక, చెవిలోంచి తీసేటప్పుడు తీగ పట్టుకుని లాగకండి.

ఏది కొన్నా, మీటింగ్ మొదలవగానే శబ్దం పాత టెలిఫోన్‌లా పీలగా మారితే కంగారుపడకండి. మైక్ ఆన్ కాగానే బ్లూటూత్ కాల్ పద్ధతికి మారి, శబ్దానికి ఇచ్చే వాటా తగ్గించేస్తుంది. గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మీటింగ్ యాప్ సెట్టింగుల్లో మైక్‌గా ల్యాప్‌టాప్ మైక్‌ను ఎంచుకుంటే, చాలాసార్లు చెవిలో శబ్దం మళ్లీ నిండుగా వస్తుంది. పక్క సీట్లవాళ్లు గట్టిగా మాట్లాడుతున్నప్పుడు మాత్రం ఈ చిట్కా పనికిరాదు.