సెలవు రోజు తలనొప్పి, టీ లెక్క

"ఆదివారం పదింటికి లేస్తే తల పగిలిపోతోంది, టీ తాగితే అరగంటలో పోతోంది. రోజుకి నాలుగు టీలు. ఎలా తగ్గించాలి?"

ఒకేసారి మానకు తమ్ముడూ. కెఫీన్ మెదడు రక్తనాళాలను కాస్త బిగించి ఉంచుతుంది, చివరి టీ తాగి 12 నుంచి 24 గంటలయ్యేసరికి అవి వెడల్పయి నొప్పి మొదలవుతుంది. సాయంత్రం ఆరింటికి తాగావనుకో, పదింటికి 16 గంటలు. మా విజయనగరంలో కార్తీక సోమవారం ఉపవాసమని నేనూ టీ మానేసి, మధ్యాహ్నానికి తలకి తువ్వాలు బిగించుకుని పడుకున్నా.

పొద్దున్న టీ జోలికి ఇప్పుడే పోకు, సెలవైనా అదే టైముకి తాగు. ముందు సాయంత్రం టీ సగం గ్లాసు చెయ్యి, నాలుగైదు రోజులు నొప్పి రాకపోతే అది ఆపి మధ్యాహ్నం టీ పట్టుకో. నొప్పి వస్తే మళ్లీ పాత కొలతకి రా. కొన్ని తలనొప్పి మాత్రల్లోనూ కెఫీన్ ఉంటుంది, అట్ట వెనక చూడు. టీ తాగినా తగ్గకపోయినా, జ్వరం తోడైనా డాక్టర్‌కి చూపించు.