ఫిబ్రవరి 29న పుట్టినవాళ్లకు 18 నిండేది 28నా, మార్చి 1నా?

ప్రశ్న: మా అబ్బాయి 2008 ఫిబ్రవరి 29న పుట్టాడు. లీపు సంవత్సరం కాని ఏడాదిలో చట్టం ప్రకారం వాడి పుట్టినరోజు ఏది? ఒకరు 28 అంటారు, ఇంకొకరు మార్చి 1 అంటారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు:

మన దేశంలో మైనారిటీ తీరే విషయం వరకు ఫిబ్రవరి 28. ఇది నా అభిప్రాయం కాదు, చట్టంలోనే ఉదాహరణగా రాశారు. నేనూ 29నే పుట్టాను, 1988లో. కాబట్టి ఈ గొడవ బయటివాడిగా చెప్పడం లేదు.

ముందుగా ఒక లెక్క చూడండి. 29న పుట్టారంటే పుట్టింది లీపు సంవత్సరంలోనే కదా. దానికి 18 కలిపితే వచ్చేది లీపు సంవత్సరం కాదు, 21 కలిపినా కాదు, ఎందుకంటే ఆ రెండూ నాలుగుతో భాగించబడవు. అంటే సంతకానికి, లైసెన్సుకి, బ్యాంకు ఖాతాకి అన్నింటికంటే ముఖ్యమైన ఆ పుట్టినరోజు మనవాళ్లకు క్యాలెండర్‌లో ఎప్పుడూ కనిపించదు. ఇదేదో అప్పుడప్పుడు కొందరికే వచ్చే సమస్య అనుకుంటారు గానీ, 29న పుట్టిన ప్రతి ఒక్కరికీ సరిగ్గా 18 దగ్గరే వస్తుంది.

ఇక చట్టం సంగతి. 1875 నాటి ఇండియన్ మెజారిటీ యాక్ట్ ఇప్పటికీ అమల్లో ఉంది. అందులో 3వ సెక్షన్ వయసు ఎలా లెక్కపెట్టాలో చెబుతుంది: పుట్టిన రోజును పూర్తి రోజుగా లెక్కలోకి తీసుకోవాలి, పద్దెనిమిదో వార్షిక తేదీ మొదలవగానే మేజర్ అయినట్టు. అక్కడితో ఆగిపోతే మీ ప్రశ్న అలాగే ఉండిపోయేది, ఎందుకంటే 29కి వార్షిక తేదీ ఏదన్నదే అసలు చిక్కు. కానీ 1999 వరకు ఈ లెక్క 4వ సెక్షన్‌లో ఉండేది, దాని కిందే ఉదాహరణలు ఇచ్చారు, వాటిలో ఒకటి మనలాంటివాళ్ల గురించే. Z అనే వ్యక్తి 1852 ఫిబ్రవరి 29న పుట్టాడు, కోర్టు అతని ఆస్తికి సంరక్షకుణ్ణి నియమించింది, అతను 1873 ఫిబ్రవరి 28 మొదటి క్షణంలో మేజర్ అవుతాడు. (అప్పట్లో కోర్టు సంరక్షకుణ్ణి పెడితే 21 ఏళ్లు ఆగాలి. 1999 సవరణతో ఆ తేడా పోయి అందరికీ 18 అయింది, 4వ సెక్షన్ కూడా ఉదాహరణలతో సహా తీసేసి లెక్కను 3వ సెక్షన్‌లోకి మార్చారు.) చట్టంలోని ఉదాహరణలను కోర్టులు అర్థం చెప్పడానికి వాడుకుంటాయి, ఊరికే రాసినవని పక్కన పెట్టవు. ఆ ఉదాహరణ ఇప్పుడు చట్టంలో లేకపోయినా లెక్కపెట్టే పద్ధతి మారలేదు, దాని ప్రకారం చూస్తే మీ అబ్బాయి 2026 ఫిబ్రవరి 27 అర్ధరాత్రి దాటగానే మేజర్.

మరి మార్చి 1 అనేవాళ్లు ఎందుకు అంటున్నారు? వాళ్ల లెక్కలోనూ న్యాయం ఉంది, కొట్టిపారేయలేం. 29ని మొదటి రోజుగా పెట్టుకుని పూర్తి సంవత్సరాలు లెక్కపెట్టుకుంటూ పోతే, పద్దెనిమిదో సంవత్సరం చివరి రోజు 2026 ఫిబ్రవరి 28 అవుతుంది, ఆ రోజు గడిచాకే 18 నిండాయనాలి, అంటే మార్చి 1 తెల్లారేసరికి. మిగతా తేదీల్లో పుట్టినవాళ్లకు ఈ రెండు పద్ధతులూ ఒకే చోటికి వస్తాయి. జనవరి 1న పుడితే డిసెంబర్ 31 ముగియడం, జనవరి 1 మొదలవడం రెండూ ఒకే క్షణం. 29న పుట్టినవాళ్లకు మాత్రమే వాటి మధ్య ఒక పూర్తి రోజు దూరం వస్తుంది. లెక్కలో రెంటికీ చోటుంది కాబట్టే ఒక్కో దేశం ఒక్కోటి ఎంచుకుంది. హాంకాంగ్ చట్టంలో మార్చి 1 అని రాసుకున్నారు, మనవాళ్లు 28 అని రాశారు.

నాకు 2006లో జరిగింది చెబుతాను. లైసెన్సు కోసం ఫిబ్రవరి 28న ఆఫీసుకి వెళ్తే, నీకింకా 18 నిండలేదు, రేపు రమ్మన్నారు. కౌంటర్‌లో ఉన్నాయన తప్పేమీ లేదు, ఆయన తేదీ కొడితే కంప్యూటర్ తీసుకోలేదు. లాయరు దగ్గర గుమాస్తాగా చేసే మా బాబాయి ఆ సాయంత్రం పాత చట్టం పుస్తకంలో పై ఉదాహరణ తీసి చూపించాడు. అప్పటినుంచీ నేను గమనిస్తున్నది ఏమిటంటే, ఈ గందరగోళంలో ఎక్కువ భాగం చట్టం వల్ల వచ్చింది కాదు, సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చింది. మీరే ఎక్సెల్‌లో ఈ రెండూ కొట్టి చూడండి:

```
=EDATE(DATE(2008,2,29),216)
=DATE(2008+18,2,29)
```

216 అంటే 18 ఏళ్లకు నెలలు. మొదటిది 2026 ఫిబ్రవరి 28 ఇస్తుంది, రెండోది లేని 29ని ముందుకు తోసి మార్చి 1 ఇస్తుంది. (అంకెలా కనిపిస్తే ఆ గడిని తేదీ ఫార్మాట్‌లోకి మార్చుకోండి.) ఒకే ప్రోగ్రామ్, ఒకే పుట్టినతేదీ, రెండు జవాబులు. ఏ ఆఫీసు సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఏ దారిలో వెళ్లారో కౌంటర్‌లో కూర్చున్న మనిషికి తెలియదు, మనకీ తెలియదు. అందుకే ఒకచోట 28 అంటారు, పక్క ఆఫీసులో మార్చి 1 అంటారు.

ఇక్కడ ఒక హద్దు తప్పకుండా గుర్తుంచుకోండి. మెజారిటీ యాక్ట్ పెళ్లి, విడాకులు, దత్తత లాంటి వాటిలో జోక్యం చేసుకోదని దాని 2వ సెక్షనే చెబుతుంది. వాటికి వేరే చట్టాలున్నాయి. కాబట్టి 29న పుట్టిన అమ్మాయి పెళ్లి ముహూర్తం సరిగ్గా 28నే వస్తే, ఈ ఉదాహరణ చూపించి ధైర్యం చేయకండి, మార్చి 1 దాటనివ్వండి. ఆస్తి కాగితాలకూ నేను అదే చెబుతాను. మైనర్ చేసిన ఒప్పందం మన దేశంలో మొదటినుంచీ చెల్లదు, 28న పెట్టిన సంతకం మీద రేపు ఎవరైనా కేసు వేస్తే చివరికి మీరే గెలుస్తారేమో గానీ కోర్టు చుట్టూ తిరగాల్సిందీ మీరే. ఒక్క రోజు ఆగితే రెండు లెక్కల ప్రకారమూ మేజరే.

ఉద్యోగాల దగ్గర మాత్రం టెన్షన్ అక్కర్లేదు. మన ప్రభుత్వోద్యోగులు వయసు నిండిన నెల చివరి రోజున రిటైర్ అవుతారు, ఒకటో తేదీన పుట్టినవాళ్లయితే ముందు నెల చివరి రోజున. ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్ల లెక్కన, 1964 ఫిబ్రవరి 29న పుట్టినాయనకు 28 అనుకున్నా ఫిబ్రవరి ఆఖరే, మార్చి 1 అనుకున్నా ఒకటో తేదీ నియమంతో మళ్లీ ఫిబ్రవరి ఆఖరే. రెండు దారులూ 2026 ఫిబ్రవరి 28కే చేరతాయి. ఓటుకీ అంతే, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీల్లో ఏదో ఒకనాటికి 18 నిండి ఉంటే చాలు కాబట్టి మీ అబ్బాయిది ఎలా లెక్కేసినా ఏప్రిల్ 1 వస్తుంది.

చివరగా ఒక్క మాట, ఇది మీరిప్పుడే చూసుకోవాల్సింది. ఫారమ్‌లో 29 తీసుకోవట్లేదని ఎవరైనా 28 అనో, మార్చి 1 అనో వేస్తామంటే ఒప్పుకోకండి. వార్షిక తేదీ మారొచ్చు గానీ పుట్టినతేదీ మారదు. పుట్టిన సర్టిఫికెట్‌లో 29, టెన్త్ మెమోలో 28 ఉంటే పాస్‌పోర్టు దగ్గర ఆగిపోతారు, అప్పుడు సరిచేయించుకోవడం ఈ ఒక్క రోజు తేడా కంటే చాలా పెద్ద పని. మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మూడూ తీసి పక్కపక్కన పెట్టి, సంవత్సరం కూడా 2008 అనే ఉందో లేదో చూడండి. సంవత్సరం తప్పు పడి లీపు కాని ఏడాది వచ్చిందంటే, 29ని ఆ సిస్టమ్ అసలు తీసుకోదు.