తాళం వేసిన ఇల్లు కూడా శాంపిల్లో ఉన్నట్టే

ప్రశ్న: ఎం.ఏ. సోషియాలజీ ఫైనల్ ఇయర్ చదువుతున్నా. ఉపాధి హామీ పని దొరికే ఊళ్లో ఇంకా ఎన్ని ఇళ్ల నుంచి వలస పోతున్నారు అన్నది నా డిసర్టేషన్. ఒక ఊళ్లో 60 ఇళ్లు తిరుగుదామనుకుంటున్నా. మెథడాలజీలో "రాండమ్ శాంప్లింగ్" అని రాస్తే మా గైడ్ గారు "ఇది రాండమ్ ఎలా అయింది? బయాస్ ఎక్కడెక్కడ వస్తుందో రాసుకురా" అని తిప్పి పంపారు. పుస్తకంలో డెఫినిషన్లు చదివా, ఊళ్లోకి వెళ్లాక ఏం చేయాలో మాత్రం అర్థం కావట్లేదు.

జవాబు:

నేను కూడా ఇంచుమించు ఇదే టాపిక్ మీద పాలమూరు వైపు ఒక ఊళ్లో సర్వే చేశా. రెండుసార్లు చేశా, ఎందుకంటే మొదటిసారి చేసింది పనికిరాలేదు. ఎక్కడ చెడిందో చెప్తా, మీకు కావలసింది చాలావరకు అందులోనే ఉంది.

మొదటి రోజు పంచాయతీ ఆఫీసుకి వెళ్లి పరిచయం చేసుకుంటే ఫీల్డ్ అసిస్టెంట్ పాపం దగ్గరుండి ఇళ్లు చూపిస్తానని వచ్చాడు. సాయంత్రానికి 12 ఇంటర్వ్యూలు అయిపోయాయి, నేనూ మా క్లాస్‌మేటూ తెగ సంబరపడ్డాం. రాత్రి కూర్చుని ఫారాలు తిరగేస్తే 12 ఇళ్లూ మెయిన్ రోడ్డు పక్కవే, తండా నుంచి ఒక్కటీ లేదు, పని ఎలా ఉందంటే అందరూ "బాగుంది సార్" అన్నవాళ్లే. పని రాసేది, హాజరు వేసేది ఆ మనిషే కదా, ఆయన పక్కన నిలబడి ఉండగా ఇంకేమంటారు. మీరు ఇలా తిరిగి "రాండమ్" అని రాస్తే గైడ్ ఒప్పుకోకపోవడమే న్యాయం. దారిలో కనపడినవాళ్లని, ఎవరో చూపించినవాళ్లని అడిగితే అది కన్వీనియన్స్ శాంపిల్. రాండమ్ అనాలంటే ఊళ్లో ప్రతి ఇంటికీ ఎంపికయ్యే అవకాశం ఉండాలి, ఆ అవకాశం ఎంతో మీరు లెక్కగట్టి చెప్పగలగాలి. దానికి ముందు అన్ని ఇళ్లూ ఉన్న జాబితా ఒకటి చేతిలో ఉండాలి, దాన్నే శాంప్లింగ్ ఫ్రేమ్ అంటారు.

ఏ జాబితా అన్న దగ్గర చాలామంది తొందరపడతారు. జాబ్‌కార్డుల లిస్టు ఉపాధి హామీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది కదా అని అది తీసుకుంటే, అసలు కార్డే తీసుకోనివాళ్లు మొత్తం పోతారు. ఎప్పుడూ బయట పనులకే పోయే ఇళ్లు ఆ కార్డు లేనివాళ్లలో ఉండే అవకాశం ఎక్కువ, మీ టాపిక్కే వాళ్ల గురించి. ఓటరు లిస్టు కొంచెం నయం, కానీ అది మనుషుల లిస్టు, ఇళ్లది కాదు. అందులోంచి పేర్లు తీసి ఆ ఇంటికి వెళ్తే ఆరుగురు ఓటర్లున్న ఇంటికి ఒక్క ముసలమ్మ ఉన్న ఇంటికన్నా ఆరు రెట్లు అవకాశం వస్తుంది. పెద్ద కుటుంబాల్లో ఒకరిద్దరు బయటికి పోవడం మామూలే కాబట్టి వలస లెక్క అక్కడే పెరిగిపోతుంది.

అందుకని రెండోసారి మేమే ఊరంతా తిరిగి హౌస్ లిస్టింగ్ చేశాం. సుద్దముక్కతో గడప పక్కన నంబరు వేయడం, నోట్‌బుక్‌లో ఇంటి పెద్ద పేరు రాసుకోవడం, తాళం ఉంటే తాళం అని రాసుకోవడం, అంతే. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు ఉంటే రెండు కుటుంబాలుగా రాశాం. ఇద్దరికి రెండున్నర రోజులు పట్టింది, మొత్తం 412 వచ్చాయి.

ఇక్కడ నేను చేసిన ఇంకో తప్పు వినండి. 412లో 60 కావాలంటే 6.87 ఇళ్లకి ఒకటి. దశాంశాలెందుకని 6 అనుకుని, ప్రతి ఆరో ఇల్లు తీసుకుంటూ 60 కాగానే ఆపేశా. 60 ఆరులు 360. అంటే లిస్టులో చివరి 52 ఇళ్లకి అసలు అవకాశమే రాలేదు. ఊరి చివర ఉండేది తండా, లిస్టింగ్ కూడా అక్కడే ముగించాం. కావాలని ఎవరూ వదిలేయలేదు, భాగహారంలో పోయింది! గైడ్ గారు నంబర్లు చూసి "360 దాటి ఒక్క ఇల్లూ లేదేంటి" అని అడిగేదాకా నాకు తట్టలేదు. దశాంశాన్ని అలాగే ఉంచి చేయాలి. ఎక్సెల్‌లో మొదటి సంఖ్య ఇలా తీయండి:

```
=RAND()*412/60
```

4.2 వచ్చిందనుకోండి, దానికి 6.8667 కలుపుకుంటూ పోండి: 4.2, 11.07, 17.93, 24.80... ప్రతిదాన్నీ పై అంకెకి తీసుకుంటే 5, 12, 18, 25వ ఇళ్లు. చివరిది 410వ ఇల్లు అవుతుంది, ఊరు మొత్తం కవర్ అవుతుంది. దీన్ని సిస్టమాటిక్ శాంప్లింగ్ అంటారు, మెథడాలజీలో ఆ పేరే రాయండి. మొదటి సంఖ్య ఎంత వచ్చిందో కూడా రాయండి, ఎవరైనా సరిచూసుకోవచ్చు. RAND మళ్లీ మళ్లీ మారుతుంటుంది, రాగానే కాగితం మీద రాసేసుకోండి.

ఇక అసలు విషయం. అలా మళ్లీ తీసిన 60 ఇళ్లలో 14 ఇళ్లకి తాళం. ఈ ఇళ్లు మొదటి విడత తిరిగినప్పుడు ఏం చేశామో ఊహించే ఉంటారు, పక్కింటికి వెళ్లాం. పక్కిల్లే కదా, ఏం తేడా ఉంటుంది అనిపిస్తుంది. కానీ మీ ప్రశ్న వలస గురించి, తాళం పడింది వలస వల్ల. ఇంట్లో ఉన్నవాళ్లని అడిగి ఊరు వదిలిపోయినవాళ్లని లెక్కేస్తే ఎలా కుదురుతుంది?

నా లెక్కలు చూడండి. తలుపు తీసిన 46 ఇళ్లలో 11 ఇళ్ల నుంచి ఎవరో ఒకరు వలస పోయారు. తాళాలకి బదులు పక్కిళ్లు 14 అడిగితే వాటిలో 3. మొత్తం 60కి 14, అంటే 23 శాతం. రెండో విడతలో పక్కిళ్ల జోలికి పోకుండా ఆ 14 తాళాల సంగతే తేల్చుకున్నాం. 3 ఇళ్లవాళ్లు పగలు చేలకి పోయారంతే, సాయంత్రం ఏడు తర్వాత వెళ్తే దొరికారు, వాళ్లలో వలస లేదు. 2 ఇళ్లు ఎవరూ ఉండక ఏళ్ల తరబడి పాడుపడినవి, వాటిని లెక్కలోంచి తీసేయాలి. మిగిలిన 9 ఇళ్లవాళ్లు పిల్లాజెల్లాతో సహా హైదరాబాదు, ముంబై, పుణె పనులకి పోయారని ఇద్దరు పొరుగువాళ్లని విడివిడిగా అడిగి రాసుకున్నాం. ఇప్పుడు 58 ఇళ్లకి 20, అంటే 34 శాతం. అదే ఊరు, అవే ఇళ్లు, 23 కాస్తా 34 అయింది. దీన్నే నాన్ రెస్పాన్స్ బయాస్ అంటారు. 60 బదులు 200 ఇళ్లు తిరిగి తాళాలకి పక్కిళ్లు పెట్టుకుంటూ పోయినా అదే 23 దగ్గరే తిరుగుతుంది, పైగా శాంపిల్ పెద్దది కదా అని ధీమా ఎక్కువవుతుంది.

1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రికకి జరిగింది ఇలాంటిదే. 20 లక్షలకి పైగా జవాబులు పెట్టుకుని అధ్యక్ష ఎన్నికల్లో లాండన్ గెలుస్తాడని రాసింది, రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్‌లో కూడా ముందు లిస్టింగ్ చేసి క్లస్టర్ అనే ఒక్కో చిన్న ప్రాంతానికి 22 ఇళ్లు ఎంపిక చేస్తారు, ఇల్లు దొరక్కపోతే ఇంకో ఇల్లు పెట్టుకోవడానికి వీల్లేదు. మళ్లీ వెళ్లాలి, అప్పటికీ దొరక్కపోతే దొరకలేదని రాయాలి. మీరూ అదే చేయండి: ఒక్కో ఇంటికి కనీసం మూడుసార్లు, అందులో ఒకటి సాయంత్రం. ప్రతిసారీ తేదీ, టైము, ఏం జరిగింది (దొరికారు, తాళం, మాట్లాడనన్నారు, పాడుపడ్డ ఇల్లు) ఒక షీట్‌లో రాయండి. మీ బయాస్ సెక్షన్ సగం ఆ షీట్ నుంచే వస్తుంది.

పొరుగువాళ్ల మాటకి పరిమితి ఉంది. పోయారా లేదా అన్నది బాగానే చెప్తారు. ఎన్ని రోజులు, కూలి ఎంత, అప్పు కోసం పోయారా అన్నవి వాళ్లని అడగొద్దు. మేం ఫిబ్రవరిలో సర్వే చేశాం, ఉగాదికి మళ్లీ వెళ్తే ఆ 9 ఇళ్లలో 6 ఇళ్లవాళ్లు పండక్కి వచ్చి ఉన్నారు, అప్పుడు ఫారాలు నింపాం. సర్వే ఏ నెలలో చేశారో తప్పకుండా రాయండి. ఎండాకాలం ఉపాధి పనులు జోరుగా నడిచేటప్పుడు ఒక రకంగా ఉంటుంది, ఊరు సగం ఖాళీ అయినప్పుడు ఇంకో రకంగా ఉంటుంది. వలసపోయినవాళ్ల ఫోన్ నంబర్లు కూలీల్ని తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర పట్టుకోవచ్చని ఎవరైనా సలహా ఇస్తారు. అనుభవాలు వినడానికి పర్లేదు, శాతాలకి పనికిరాదు, ఆయన ఇచ్చేవన్నీ ఆయన గుంపులోని పేర్లే.

జవాబుల సంగతి ఒక్కటి చెప్తా. "పోయిన ఏడాది ఎన్ని రోజులు ఉపాధి పని చేశారు" అంటే చాలామంది 100 అనేస్తారు, జనం ఆ స్కీముని పిలిచిందే వంద రోజుల పని అని కదా. "పోయిన ఏడాది సంక్రాంతి నుంచి ఈ సంక్రాంతిదాకా ఎన్ని వారాలు పోయారు, వారానికి ఎన్ని రోజులు" అని విడగొట్టి అడిగితే తగ్గుతుంది. జాబ్‌కార్డు చూపిస్తే అందులో రాసింది కూడా పక్కన వేసుకోండి, రెండూ కలవకపోతే ఏది నిజమో మీరు తేల్చకండి, రెండు కాలమ్‌లు పెట్టండి.

రాసేటప్పుడు నేను రాసింది ఇంచుమించు ఇలా ఉంది: "ఊరిని పర్పసివ్‌గా ఎంచుకున్నాను. ఊళ్లో ఇళ్ల జాబితా స్వయంగా తయారుచేసి 412 నుంచి 60 ఇళ్లను సిస్టమాటిక్ పద్ధతిలో తీశాను. 2 ఇళ్లలో ఎవరూ నివసించడం లేదు. 58లో 55 ఇళ్లను ఇంటర్వ్యూ చేశాను, 3 ఇళ్ల వలస వివరం పొరుగువారి నుంచి తీసుకున్నాను. ఏ ఇంటినీ మరో ఇంటితో మార్చలేదు." ఆ మొదటి వాక్యాన్ని దాచొద్దు. ఊరిని మీకు తెలిసిందని ఎంచుకుంటే అలాగే రాయండి, అప్పుడు మీ శాతం ఆ ఊరికే చెల్లుతుంది, మండలానికి కాదు. ఉపాధి పని వల్లే వలస తగ్గిందని కూడా ఈ డిజైన్‌తో అనలేరు, పోల్చడానికి ఇంకో ఊరో, పాత లెక్కలో ఉండాలి. వైవాలో మొదట పట్టుకునేది ఇదే.

లిస్టింగ్‌కి ఫీల్డ్ అసిస్టెంట్‌ని తీసుకెళ్లొచ్చు, సందులన్నీ ఆయనకే తెలుసు. ఇంటర్వ్యూలకి మాత్రం మర్యాదగా వద్దనండి. సుద్దముక్కలు కూడా రెండు డబ్బాలు పట్టుకెళ్లండి, మాకు తండా దగ్గరికి వచ్చేసరికి అయిపోయి బొగ్గుతో రాశాం, ఇళ్లవాళ్లతో తిట్లు తిన్నాం.