శ్రీనుకి, అల్లం కొమ్ముతో పాటు

నాయనా శ్రీనూ,

రాత్రి పదకొండింటికి ఆఫీసు కాల్ అయిపోయినా ఒంటిగంట దాకా ఆ మాటలే బుర్రలో తిరుగుతున్నాయని మొన్న ఫోన్లో చెప్పావు. అప్పుడు ఇంటి నిండా చుట్టాలు, నింపాదిగా మాట్లాడలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

పాట పాడుకో అందామంటే, నీ పక్క మంచం కుర్రాడు ఆ వేళకి నిద్రలో ఉంటాడు. వంట చేసుకో అందామంటే మారతహళ్ళి పీజీలో నీకు పొయ్యే లేదు. ఇక మిగిలింది బొమ్మ గీయడం. గీత కూడా తిన్నగా రాదంటావని తెలుసు. నేను చెప్పే పద్ధతిలో గీత తిన్నగా రానక్కర్లేదు, ఎందుకంటే ఇందులో కాగితం వంక చూడకుండా గీయాలి. డ్రాయింగ్ నేర్పేవాళ్ళు దీన్ని బ్లైండ్ కాంటూర్ అంటారు. వస్తువు అంచు వెంట కన్ను నెమ్మదిగా వెళ్తుంటే, పెన్ను కూడా దాంతోపాటే కదలాలి.

నాకిది ఎలా వచ్చిందో చెప్తాను. నేను బ్యాంకులో క్యాష్ కౌంటర్లో ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం లెక్కలో ఐదువేలు తగ్గాయి. నా జేబులోంచే కట్టాను. డబ్బు పోయిన బాధ రెండు రోజుల్లో తీరింది కానీ, రాత్రిళ్ళు పడుకోగానే ఆ రోజు కట్టలన్నీ మొదటినుంచీ మళ్ళీ లెక్కపెట్టేదాన్ని. ఎవరికి ఎక్కువిచ్చాను, ఏ కట్ట దగ్గర ఫోన్ మోగింది అని. ఇలా మూడు వారాలు. మా పక్కింట్లో రిటైరైన డ్రాయింగ్ మేష్ట్రు ఉండేవారు. ఆయన నా ముఖం చూసి సంగతి అడిగి, మా వంటింట్లోంచే ఒక అల్లం కొమ్ము తీసి బల్ల మీద పెట్టి, గీయమన్నారు. నిమిషంలో గీసేశాను. బంగాళాదుంపకి రెండు బుడిపెలు అతికించినట్టు వచ్చింది. "అమ్మా, నువ్వు అల్లాన్ని చూడలేదు, అల్లం ఎలా ఉంటుందో నీకు తెలిసినదాన్ని గీశావు" అన్నారు.

రెండోసారి ఒక పాత పెళ్ళిపత్రిక అట్టకి మధ్యలో చిల్లు పెట్టి, అందులోంచి పెన్సిల్ దూర్చి ఇచ్చారు. అట్ట అడ్డం ఉంటే చెయ్యీ కనపడదు, గీతా కనపడదు. కొమ్ము విరిచిన చోటినుంచి మొదలుపెట్టమన్నారు. చీమ పాకుతున్నంత నెమ్మదిగా కన్ను కదలాలి, చీమ ఆగితే పెన్సిల్ ఆగాలి. విరిగిన చోట నారలు పైకి లేచి ఉన్నాయి, ఒక్కో నారా ఎక్కి దిగాను. ఆ పైన తొక్క మీద పలచటి వలయాలు. ఇన్నేళ్ళు అల్లం తరిగినదాన్ని, ఆ వలయాల మధ్య దూరం కొస దగ్గర తగ్గుతుందని అప్పుడే గమనించాను. చుట్టూ తిరిగి వచ్చేసరికి తొమ్మిది నిమిషాలు. అట్ట తీసి చూస్తే, గీత మొదలైన చోటికి అంగుళం దూరంలో ముగిసింది. అల్లమని ఎవరూ అనుకోరు. కానీ ఆ తొమ్మిది నిమిషాల్లో నోట్ల కట్ట ఒక్కటి కూడా నాకు గుర్తు రాలేదు.

పడుకున్నాక మళ్ళీ వచ్చాయి, అబద్ధం చెప్పను. మొదటి వారం అంతా వచ్చాయి. రోజూ గీస్తూ పోతే పది పన్నెండు రోజులకి, లెక్క మొదలవుతూనే "ఇదిగో మొదలైంది" అని నాకు తెలిసేది, దాన్ని అక్కడే వదిలేసి పక్కకి తిరిగి పడుకోగలిగాను.

నీకు కావలసినవి గీతల్లేని నోటుపుస్తకం, బాల్‌పెన్ను, ఒక అట్టముక్క. రబ్బరు కొనకు, అది చేతిలో ఉంటే దిద్దాలనిపిస్తుంది. కాల్ అయ్యాక ల్యాప్‌టాప్ మూసి, మంచం ఎక్కకముందే కుర్చీలో కూర్చో. వస్తువుని మూర దూరంలో పెట్టు. ఫోన్లో పదిహేను నిమిషాలకి అలారం పెట్టి బోర్లా పడెయ్. పెన్నుని కాస్త వెనక పట్టుకో, కొసకి దగ్గరగా బిగించి పడితే వేళ్ళు నొప్పెడతాయి. పెన్ను కాగితానికి ఆనించాక ఎత్తకు. చుట్టూ తిరగడం ముందే అయిపోతే, లోపలి మడతల మీదికి వెళ్ళు.

వస్తువు ఎంపికలో చాలామంది తప్పు చేస్తారు. సులువని స్టీలు గ్లాసో, యాపిల్ పండో పెట్టుకుంటారు. నునుపుగా ఉన్నదాన్ని కన్ను క్షణంలో చుట్టేస్తుంది, తర్వాత చూడ్డానికి ఏమీ ఉండదు, బుర్ర తిరిగి ఆఫీసుకి వెళ్ళిపోతుంది. ముడతలు, గుబ్బలు, ముడులు ఉన్నవి కావాలి. నీ గదిలో విప్పిపడేసిన బూటు, నలిగిన చొక్కా చేతి మడత, చిక్కుపడ్డ చార్జర్ వైరు చాలు.

సరిగ్గా చేస్తున్నావో లేదో బొమ్మ పోలికని బట్టి కాదు, గీతని బట్టి తెలుస్తుంది. గీత నున్నగా, వంపులు తిరిగి ఉంటే కన్ను వస్తువు మీద లేదన్నమాట, అలవాటు మీద చెయ్యి పోయింది. సన్నగా వణుకుతూ, చిన్న చిన్న మెలికలతో ఉంటే చూశావన్నమాట. రెండు నిమిషాల్లో ముగిస్తే వేగం ఎక్కువైంది. మధ్యలో మేనేజర్ మాట గుర్తొచ్చి కన్ను నిలిచిపోతుంది, అది తప్పేమీ కాదు. పెన్ను ఎక్కడుందో అక్కడినుంచే మళ్ళీ కదులు, కొత్త పేజీ తియ్యకు. అయ్యాక మూలన తేదీ వేసి పుస్తకం మూసెయ్. స్టేటస్‌లో పెట్టకు. నలుగురు చూస్తారన్న ఆలోచన వస్తే చాలు, మర్నాడు కన్ను అట్ట కిందికి తొంగిచూస్తుంది.

ఇది నా ఒక్కదాని అనుభవమే అనుకోకు. అమెరికాలో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ అనే పరిశోధకురాలూ ఆమెతో పనిచేసినవాళ్ళూ 39 మంది పెద్దవాళ్ళకి స్కెచ్ పెన్నులు, బంకమన్ను, కాగితం ముక్కలు ఇచ్చి 45 నిమిషాలు ఏదైనా చేసుకోమన్నారు. ముందూ తర్వాతా లాలాజలం తీసి, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌ని కొలిచారు. 2016లో ప్రచురించిన ఫలితం ప్రకారం సుమారు 75 శాతం మందిలో అది తగ్గింది. ఇంతకుముందు బొమ్మలు వేసిన అలవాటు ఉన్నా లేకపోయినా పెద్ద తేడా రాలేదు. కొందరిలో తగ్గలేదన్నదీ నువ్వు గుర్తుంచుకోవాలి. పైగా ఊరికే కూర్చున్నవాళ్ళతో పోల్చి చూసిన పరీక్ష కాదది. వాళ్ళు పెట్టింది 45 నిమిషాలు, నీకు అంత తీరిక లేదు కాబట్టి పదిహేను చెప్తున్నాను.

రెండు వారాలు గీసీ నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతకాలనిపించని ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఇంకో పేజీ గీద్దామని ఆగకు. 14416కి ఫోన్ చెయ్. టెలీ మానస్ అంటారు, మనసు బాగాలేనివాళ్ళకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, డబ్బులక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. లేదంటే నాతో చెప్పు, ఇద్దరం కలిసి ఇక్కడి మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌కి వెళ్దాం. మీ అమ్మకి ఎప్పుడు చెప్పాలో తర్వాత ఆలోచిద్దాం.

ఈ ఉత్తరంతో పాటు ఎనిమిదో క్రాస్ మార్కెట్లో ఏరి తెచ్చిన అల్లం పంపిస్తున్నాను. ఇక్కడివాళ్ళు హసి శుంఠి అంటారు. నాలుగు కొమ్మలుగా చీలి ఉంది, ఒక పక్క విరిచిన చోటు కూడా ఉంది, అక్కడ మొదలుపెట్టు. వారం పదిరోజుల్లో వాడిపోయి ముడతలు పెరుగుతాయి, పారెయ్యకు, అప్పుడు గీయడానికి ఇంకా బాగుంటుంది. ఆదివారం మల్లేశ్వరం వచ్చినప్పుడు పుస్తకం తేనక్కర్లేదు, నేను చూడను. భోజనానికి ఒంటిగంటకల్లా వచ్చెయ్, నీకిష్టమైన గుత్తివంకాయ చేస్తాను.

నీ అత్త