గట్టెక్కిన అన్నయ్యకు ‘అన్నట్టు’ ఎందుకు కుదరదు?

సందేహం: మా కోడలు కన్నడ అమ్మాయి. ఇంటికొచ్చాక తెలుగు బాగానే పట్టుకుంది. మొన్న ఫోన్లో ఎవరితోనో “లోన్ తీరింది, మా అన్నయ్య గట్టెక్కాడు అన్నట్టు అయింది” అంది. తప్పని తెలుస్తోంది కానీ ఎందుకు తప్పో చెప్పలేకపోయాను. “సామెతకి అన్నట్టు పెట్టమన్నారు కదా అత్తయ్యా” అంటోంది. జాతీయానికీ సామెతకూ తేడా ఏమిటి?
– ఒక పాఠకురాలు, రాజోలు

సమాధానం: మీ కోడలు నేర్చుకున్న సూత్రం సరైనదేనమ్మా. సామెతకు ‘అన్నట్టు’ పెడతాం. కానీ ‘గట్టెక్కడం’ సామెత కాదు, జాతీయం. చిక్కంతా అక్కడే వచ్చింది.

మీ వైపు ధాన్యం రోజుల్లో వినిపించే మాటలే తీసుకుందాం. ఒక కౌలు రైతు పక్క రైతుతో ఇలా అంటాడు: “తుఫానుకి సార్వా పోయింది బావా. దాళ్వా ఏదో గట్టెక్కించింది అనుకుంటే, ధాన్యం కొన్నాయన డబ్బులివ్వకుండా నట్టేట ముంచాడు. కోతలప్పుడు రోజూ మా ఇంటి చుట్టూ తిరిగాడు, ఇప్పుడు ఫోనెత్తడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని ఊరికే అన్నారా!”

ఇందులో రెండు జాతీయాలు, ఒక సామెత ఉన్నాయి. సామెతను తీసేసి మళ్లీ చదవండి. పంట పోయింది, డబ్బు రాలేదు, ఆయన ఫోనెత్తడం లేదు. కథంతా అలాగే ఉంది, ఆ రైతు ఉక్రోషం మాత్రం కాస్త తగ్గింది. ఇప్పుడు ‘నట్టేట ముంచాడు’ తీసేయండి. “ధాన్యం కొన్నాయన డబ్బులివ్వకుండా...” అని వాక్యం మధ్యలో ఆగిపోతుంది, ఏం చేశాడో తెలియదు. జాతీయం వాక్యంలో ఒక భాగం, చాలాసార్లు క్రియే అదవుతుంది. సామెత దానంతటదే ఒక పూర్తి మాట. జరిగిన సంగతి చెప్పడానికి జాతీయం పనికొస్తుంది. జరిగినదాని మీద తీర్పు చెప్పడానికి సామెత వాడతాం.

ఇలాంటి జాతీయం క్రియ కాబట్టి మిగతా క్రియలన్నీ మారినట్టే మారుతుంది. గట్టెక్కాను, గట్టెక్కుతావు, గట్టెక్కలేదు, గట్టెక్కితే చాలు, నన్ను గట్టెక్కించు. ఎవరు, ఎప్పుడు అన్నదాన్ని బట్టి తోక మారుతూనే ఉంటుంది. సామెత అలా మారదు. ఫోనెత్తనిది ఆడమనిషైనా బోడి మల్లయ్యే, పదిమందైనా బోడి మల్లయ్యే. కొన్ని ఊళ్లలో ‘ఏరు’ బదులు ‘ఓడ’ అంటారు, మల్లయ్యను మల్లన్న అంటారు. అది ఊరిని బట్టి వచ్చే తేడా, సందర్భాన్ని బట్టి మనం చేసే మార్పు కాదు. ‘దాటేదాకా – దాటాక’, ‘ఓడ – బోడి’ అనే ఆ జోడీలే సామెతను నోట్లో నిలబెడతాయి. కదిపితే తూకం పోతుంది.

అందుకే సామెతల్లో మనం ఎప్పుడూ మాట్లాడని పాత రూపాలు కూడా బతికే ఉంటాయి. “అడుసు తొక్కనేల, కాలు కడగనేల” అంటాం. ఇంట్లో ఎవరూ ‘తొక్కనేల’ అనరు, ‘తొక్కడమెందుకు’ అనే అంటారు. దీన్ని మీ కోడలు తనకు అన్వయించుకుని “నేను అడుసు తొక్కాను, కాలు కడుక్కున్నాను” అందనుకోండి. వినేవాళ్లు ఆమె పొలం వెళ్లొచ్చిందనే అనుకుంటారు.

ఇక ‘అన్నట్టు’ సంగతి. ‘అన్న’ అంటే ఎవరో అన్న. సామెత మన సొంత మాట కాదు, పెద్దలు అన్న మాటను తెచ్చి ఇక్కడ పెడుతున్నాం. ఆ సంగతి వినేవాళ్లకు తెలియడానికే చివర ‘అన్నట్టు’, ‘అని ఊరికే అన్నారా’, ‘అంటారు చూడండి’ లాంటివి తగిలిస్తాం. జాతీయం మన సొంత వాక్యమే కాబట్టి దానికి ఆ తగిలింపు అక్కర్లేదు. తగిలిస్తే అర్థమే మారిపోతుంది. “గట్టెక్కాడన్నట్టు మాట్లాడుతున్నాడు” అంటే గట్టెక్కినవాడిలా మాట్లాడుతున్నాడు, నిజంగా గట్టెక్కాడో లేదో అనుమానమే అని. మీ కోడలి మాట విన్నవాళ్లు లోన్ తీరిందా లేదా అని సందేహపడే ఉంటారు. “లోన్ తీరింది, మా అన్నయ్య గట్టెక్కాడు” అంటే సరిపోయేది.

మరి ‘నిమ్మకు నీరెత్తినట్టు’ మాటేమిటని ఆమె అడగవచ్చు. అందులో ఉన్నది ‘అన్నట్టు’ కాదు, ఉత్త ‘అట్టు’. ఎత్తిన, అట్టు కలిసి ఎత్తినట్టు అయింది. ఎవరో అన్న మాటను తేవడం లేదు, పోలిక చెబుతున్నాం అంతే. అది ఒంటరిగా నిలబడదు, వెనక మరో క్రియ ఉండాలి. “ఇల్లు కురుస్తుంటే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నావేంటి?” అంటాం. మారేది ఆ వెనక క్రియే. “వాడు నిమ్మకు నీరెత్తాడు” అని ఎవరూ అనరు. కనుక దీన్ని జాతీయం కిందే లెక్కేస్తాను.

గీత చెరిగిపోయే చోట్లూ ఉన్నాయి. ‘ఏరు దాటి తెప్ప తగలేసినట్టు’ అనేదాన్ని చాలామంది సామెత అంటారు. కానీ “వాడు ఏరు దాటి తెప్ప తగలేసే రకం”, “చివరికి తెప్ప తగలేశాడు” అని కూడా అంటూనే ఉంటాం. ఓడ మల్లయ్య చెప్పేదీ ఇదే సంగతి, కానీ ఇది మనిషిని బట్టి, కాలాన్ని బట్టి మారుతోంది. ఇలాంటివాటికి పుట్టుకను బట్టి పేరు పెట్టడం కంటే, ఆ వాక్యంలో చేస్తున్న పనిని బట్టి పెట్టడమే మేలని నా అభిప్రాయం. ‘తగలేశాడు’ అని క్రియగా మారినప్పుడు అక్కడ అది జాతీయమే.

జాతీయానికి తోక మారుతుంది కదా అని లోపలి మాటలు మార్చకూడదు. ‘నట్టేట ముంచాడు’ అంటే నమ్మించి మోసం చేశాడని. ‘నది మధ్యలో ముంచాడు’ అంటే ప్రాణం తీశాడని. మీ కోనసీమలో ఇంకో ఇబ్బంది ఉంది. గోదావరికి వరదొస్తే లంకల్లో వాళ్లు నిజంగానే ఏటిగట్టు ఎక్కుతారు. అప్పుడు ఏ గట్టు, ఎంత ఎత్తు అని అడగవచ్చు, “తూర్పు గట్టెక్కారు” అనవచ్చు. అప్పు నుంచి గట్టెక్కినవాణ్ని ఏ గట్టని అడగలేం. ముందు విశేషణం పెట్టి చూస్తే ఏది నిజం గట్టో, ఏది జాతీయమో తేలిపోతుంది.

వాడకంలో ఒక్క జాగ్రత్త చెప్పండి. గట్టెక్కడం లాంటి జాతీయం ఎవరి ముందైనా అనవచ్చు. “మీ ఆశీర్వాదంతో గట్టెక్కాం మావయ్యగారూ” అంటే ఆయన సంతోషిస్తారు. సామెత తీర్పు కాబట్టి చిన్నవాళ్లు పెద్దవాళ్ల మొహం మీద, వాళ్ల గురించే అంటే గుచ్చుకుంటుంది. అడుసు సామెత ఆమె తన గురించి తాను అనుకోవచ్చు, తోటికోడలితో సరదాగా అనవచ్చు. మావయ్యగారు చేసిన పని మీద మాత్రం అనకూడదు. ముందుగా గట్టెక్కడం, నట్టేట ముంచడం, నీళ్లు నమలడం లాంటివి నాలుగైదు తీసుకుని, నేను, నువ్వు, వాళ్లు అని మార్చి మార్చి పలికించండి. సామెతల్ని ఇంట్లో ఎవరు ఎవరితో అంటున్నారో కొన్నాళ్లు వినమనండి.