కార్డులో డబ్బుంది, గేటు తెరుచుకోలేదు: టోక్యో స్టేషన్లో ఏం చేయాలి?

ప్రశ్న: టోక్యోకి కొత్తగా వచ్చాను. ఆదివారం ఉదయం నకానోలో జేఆర్ రైలెక్కి, ఓకుతమ వైపు కొండలు చూడడానికి హతొనోసు వరకు వెళ్లాను. సాయంత్రం తిరిగి నకానోలో దిగి కార్డు పెట్టగానే గేటు రెక్కలు మూసుకున్నాయి, పెద్దగా శబ్దం వచ్చింది. కార్డులో డబ్బు చాలినంత ఉంది. మళ్లీ మళ్లీ పెట్టినా అంతే. స్టేషన్ ఉద్యోగి వచ్చి జపనీసులో ఏదో అడిగారు, నాకు అర్థం కాలేదు. ఇది నా తప్పా, కార్డు చెడిపోయిందా, జరిమానా కట్టాలా?

జవాబు: కార్డు చెడిపోలేదు. మీరు నిజం చెబితే జరిమానా కూడా ఉండదు. ఇలాంటి సందర్భంలో చాలామంది డబ్బు తక్కువైందేమోనని కంగారుపడి కార్డు రీచార్జి చేయడానికి పరుగెత్తుతారు. గేటు అడుగుతున్నది డబ్బు కాదు కాబట్టి, ఎంత వేసినా అది తెరుచుకోదు. అసలు అది చూసేదేమిటో తెలిస్తే, ఏం చేయాలో మీకే తోస్తుంది.

టోక్యో రైళ్లకు వాడే ప్రీపెయిడ్ కార్డు సుయికా అయినా పాస్మో అయినా, దాని చిప్పులో నిల్వ మొత్తంతో పాటు ఒక గుర్తు కూడా ఉంటుంది. మీరు స్టేషన్లోకి వెళ్లేటప్పుడు గేటు ఏ స్టేషన్, ఎన్ని గంటలు అన్న వివరాలు అందులో రాస్తుంది. అప్పుడు చార్జీ తీసుకోదు. బయటికి వచ్చేటప్పుడు గేటు ఆ గుర్తు చదివి, మీరు ఎక్కడి నుంచి వచ్చారో చూసి, చార్జీ లెక్కగట్టి, డబ్బు తీసుకుని, గుర్తును చెరిపేస్తుంది. అంటే కార్డు ఎప్పుడూ ‘లోపల ఉన్నాను’ అన్న స్థితిలోనో ‘బయట ఉన్నాను’ అన్న స్థితిలోనో ఉంటుంది. మీరు నిజంగా ఉన్న చోటు, కార్డు చెబుతున్న చోటు సరిపోకపోతే గేటు మూసుకుంటుంది.

మీ ఆదివారం ఎలా గడిచిందో ఊహించి చెబుతాను. ఉదయం నకానోలో గేటు దగ్గర కార్డు పెట్టారు. గుర్తు పడింది. ఓమెలో రైలు మారి హతొనోసులో దిగారు. అక్కడ టోక్యోలోలా రెక్కల గేట్లు ఉండవు. దారి పక్కన నడుమెత్తు స్తంభంలాంటి చిన్న యంత్రం నిలబడి ఉంటుంది. అది ఆపదు, పిలవదు. మీరే దగ్గరికి వెళ్లి కార్డు పెట్టాలి. లోపలికి వెళ్లేవారికి ఒకటి, బయటికి వెళ్లేవారికి ఒకటి, విడివిడిగా ఉంటాయి. కొండ కనబడగానే కెమెరా తీసి నడిచిపోయి ఉంటారు, లేదా పక్కనున్న మరో యంత్రానికి కార్డు పెట్టి ఉంటారు. ఏదైనా సరే, కార్డు ఇంకా ‘నకానోలో ఎక్కి లోపలే ఉన్నాను’ అంటోంది.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఆ స్తంభానికి కార్డు పెట్టినప్పుడు అది మామూలు బీప్ చేయకుండా వేరే శబ్దం చేసి ఉంటుంది. ఇప్పటికే లోపలున్న మనిషి మళ్లీ లోపలికి రావడం దానికి కుదరదు. కానీ ఆపడానికి రెక్కలు లేవు, రైలు వస్తోంది, మీరు ఎక్కేశారు. నకానోలో దిగేసరికి కార్డు లెక్క ప్రకారం మీరు పొద్దున నకానోలో ప్రవేశించి, రోజంతా లోపలే గడిపి, నకానోలోనే బయటికి వస్తున్నారు. ఒకే స్టేషన్లో ఎక్కి, అదే స్టేషన్లో చాలా గంటల తరువాత దిగడం. అందుకే గేటు ఒప్పుకోలేదు.

ఇక్కడ చిన్న మాట. ఒకే స్టేషన్లో లోపలికి వెళ్లి బయటికి రావడానికి కూడా టోక్యో చుట్టుపక్కల జేఆర్ స్టేషన్లు ఒక దారి పెట్టాయి. 2021 మార్చి నుంచి అక్కడ సుయికా పెట్టి లోపలికి వెళ్లి, దుకాణాల్లో ఏదో కొనుక్కుని, రెండు గంటల లోపు అదే స్టేషన్లో బయటికి వస్తే ప్లాట్‌ఫారం టికెట్ ధర తీసుకుని గేటు తెరుస్తుంది. రెండు గంటలు దాటితే గేటు తెరవదు, ఉద్యోగి దగ్గరికి వెళ్లాలి. స్నేహితుణ్ని రైలెక్కించి లోపల కబుర్లలో పడి ఆలస్యమైనవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. టోక్యో మెట్రోలో ఈ ఏర్పాటు లేదు. అక్కడ లోపలికి వెళ్లిన నిమిషంలోనే ఫోన్ మరిచిపోయానని వెనక్కి వచ్చినా గేటు మూసుకుంటుంది. ఉద్యోగికి చెబితే ప్రవేశ గుర్తు తీసేస్తారు.

సరే, గేటు మూసుకుంది. ముందు ఒక అడుగు వెనక్కి వేసి పక్కకి జరగండి. వెనక నిలబడినవాళ్లకు దారి ఇవ్వడం మర్యాద మాత్రమే కాదు, మీ గుండె కూడా కాస్త కుదుటపడుతుంది. మళ్లీ మళ్లీ కార్డు పెట్టవద్దు. ముందు మనిషి వెనకే దూరిపోవడం గురించి ఆలోచించనే వద్దు. గేట్ల వరుస చివర అద్దాల గది, దాని పక్కన వెడల్పాటి దారి ఉంటాయి. అక్కడ ఉద్యోగి కూర్చుంటారు. చిన్న నిష్క్రమణ ద్వారాల దగ్గర మనిషి లేకపోతే గేటు పక్కన బటన్ ఉన్న ఇంటర్‌కమ్ ఉంటుంది. అది నొక్కితే మాట్లాడతారు.

ఉద్యోగి మీ కార్డును తన యంత్రం మీద పెట్టి చూస్తారు. ‘నకానో, ఉదయం ఇన్ని గంటలు’ అని అక్కడ కనబడుతుంది. ఆయన అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లారు? జవాబు ఇలా చెప్పండి. ‘సుమిమాసెన్, హతొనోసు దే తచ్చి ఒ వాసురెమషిత.’ అంటే క్షమించండి, హతొనోసులో కార్డు పెట్టడం మరిచిపోయాను. స్టేషన్ పేరు మార్చుకుంటే చాలు, ఎక్కడైనా పనికొస్తుంది. దిగాను అనడానికి ఒరిమషిత, ఎక్కాను అనడానికి నోరిమషిత. ఇవి పలకలేకపోతే ఫోనులో మ్యాపు తెరిచి ఎక్కిన స్టేషన్, దిగిన స్టేషన్ వేలితో చూపించండి. వాళ్లు ఓపికగా వింటారు.

అప్పుడు ఆయన రెండు ప్రయాణాల లెక్క తేలుస్తారు. నకానో నుంచి హతొనోసుకు చార్జీ, హతొనోసు నుంచి నకానోకు చార్జీ. రెండూ కార్డులోంచి తీసుకుని, ఉదయపు గుర్తు చెరిపేసి, పక్క దారి గుండా పంపిస్తారు. మీరు మామూలుగా ట్యాప్ చేసి ఉంటే కట్టే డబ్బే ఇది. నిల్వ చాలకపోతే గేటు లోపలే ఉండే చార్జీ సర్దుబాటు యంత్రంలో నోటు వేసి నింపుకోవచ్చు. దాన్ని సెయిసాంకి అంటారు. అందుకే కార్డు వాడే అలవాటున్నా జేబులో వెయ్యి యెన్ల నోట్లు ఒకటి రెండు ఉంచుకోమని అందరికీ చెబుతాను.

కొందరు మనవాళ్లు చేసే పని నాకు నచ్చదు కాబట్టి దాచకుండా రాస్తున్నాను. ‘ఎక్కడికీ వెళ్లలేదు, లోపలే కూర్చున్నాను’ అని చెబితే తక్కువలో పోతుందని ఎవరో సలహా ఇస్తారు. అది చార్జీ ఎగవేత. జపాన్ రైల్వే నిబంధనల ప్రకారం ఎగవేసినవారి దగ్గర అసలు చార్జీకి అదనంగా దానికి రెండింతల వరకు, అంటే మొత్తం మూడింతల దాకా వసూలు చేయవచ్చు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, వీసా మీద ఉన్నవారు పోలీసుల ముందు నిలబడే పరిస్థితి తెచ్చుకోవడం ఏ లెక్కనా తెలివైన పని కాదు. మీకు సాయం చేయడానికి కూర్చున్న మనిషికి అబద్ధం చెప్పడం అంతకంటే బాధాకరం.

మీరు ఆ సాయంత్రం పరిష్కరించకుండా ఎలాగో బయటపడి ఉంటే ఏమయ్యేదో కూడా తెలుసుకోండి. మర్నాడు ఉదయం ఆఫీసుకు బయల్దేరినప్పుడు లోపలికి వెళ్లే గేటే మిమ్మల్ని ఆపేది. కార్డు ఇంకా లోపలే ఉన్నానంటుంది కదా. అప్పుడు కూడా పరిష్కారం ఇదే, కిటికీ దగ్గరికి వెళ్లి ముందు రోజు ఎక్కడ దిగారో చెప్పాలి. కాకపోతే ఒక తిరకాసు ఉంది. గుర్తు పడింది జేఆర్‌లో, మీరు నిలబడింది మెట్రో లేదా మరో ప్రైవేటు కంపెనీ స్టేషన్లో అయితే, వాళ్లు అక్కడ సరిచేయలేక జేఆర్ స్టేషన్‌కు వెళ్లమనవచ్చు. టోక్యోలోని నిషికసాయ్‌లో ఉండే మనవాళ్లకు దగ్గరున్నది మెట్రో తోజాయ్ లైను. ఉదయం హడావిడిలో ఈ తిప్పలు పడే కంటే, పొరపాటు గుర్తొచ్చిన రోజే ఆ కంపెనీ స్టేషన్లో చెప్పేయడం మేలు.

ఇదే జాతికి చెందిన ఇంకో రెండు చిక్కులు ఉన్నాయి, రెండింటిలోనూ కార్డులో డబ్బు ఉంటుంది. మొదటిది ఫోనులో ఉన్న సుయికాతో లోపలికి వెళ్లి, పర్సులోని కార్డుతో బయటికి రావడం. రెండూ మీవే అయినా గేటుకు అవి వేర్వేరు కార్డులు. పర్సు కార్డులో ప్రవేశ గుర్తు లేదు కాబట్టి తెరవదు. పర్సులో సుయికా, పాస్మో రెండూ ఉంచుకుని పర్సంతా పెట్టేవారికీ ఇది జరుగుతుంది. ఏది ఎక్కడ వాడారో గుర్తు చేసుకుని, ఎక్కినప్పుడు వాడినదే పెట్టి చూడండి.

రెండోది దూర ప్రయాణం. ఫుజి పర్వతం వైపు వెళ్తూ టోక్యోలో సుయికాతో ఎక్కి, తోకాయిదో లైనులో అతమి దాటి మిషిమా, నుమజు దాకా మామూలు రైల్లో వెళ్లిపోతారు. అతమి తరువాత అది వేరే జేఆర్ కంపెనీ ప్రాంతం. రెండు ప్రాంతాల్లోనూ సుయికా పనిచేస్తుంది గానీ, ఒక ప్రాంతంలో ఎక్కి మరో ప్రాంతంలో దిగడానికి మామూలు కార్డు పనికిరాదు. మిషిమాలో గేటు తెరవదు. అక్కడ మొత్తం చార్జీ నగదుగా కట్టాలి. కార్డులోని టోక్యో గుర్తును అక్కడ తీయలేకపోతే ఒక కాగితం రాసిస్తారు. ఆ కాగితాన్ని పారేయకండి. టోక్యోకి తిరిగి వచ్చాక సుయికా ప్రాంతంలోని జేఆర్ స్టేషన్లో చూపిస్తే, మళ్లీ చార్జీ తీసుకోకుండా గుర్తు చెరిపేస్తారు. అప్పటి వరకు ఆ కార్డు ఏ రైలు గేటు దగ్గరా పనిచేయదు, తిరుగు ప్రయాణానికి కాగితం టికెట్ కొనుక్కోండి.

ఈసారి హతొనోసు వైపు వెళ్లినప్పుడు స్తంభం ముందు ఒక్క క్షణం ఆగి, అది బయటికి వెళ్లేవారిదేనని చూసుకుని కార్డు పెట్టి, తెర మీద మిగిలిన నిల్వ కనబడే వరకు కదలకండి. చార్జీ పోయి నిల్వ తగ్గి కనబడితే గుర్తు చెరిగినట్టే.