బెంగళూరు క్రాసుల్లో కారు పెట్టడం: ఫుట్‌పాత్‌కు జానెడు, మూలకు 50 మీటర్లు

"అనంతపురం నుంచి బెంగళూరు వచ్చి రెండు నెలలైంది. స్విఫ్ట్ ఉంది. రెండు కార్ల మధ్య పెట్టాలంటే టెన్షన్ వచ్చేస్తోంది. ఫుట్‌పాత్‌కు ఎంత దూరంలో ఆపాలి? మలుపుకు ఎంత దూరం ఉండాలి? ఫైరింజన్‌కు నీళ్లు పట్టుకునే ఫైర్ హైడ్రెంట్‌కు 15 అడుగులు వదలాలట, నిజమేనా? చోటు లేకపోతే ఏటవాలుగా పెట్టేయొచ్చా?"

జయనగర్‌లో మా ఇంటికి కార్ షెడ్ లేదు. పదకొండేళ్లు 30 అడుగుల క్రాసులో, అంటే మెయిన్ రోడ్డును కలిసే అడ్డ వీధిలో, రోడ్డు పక్కనే పారలల్‌గా పెట్టాను. ఇక్కడ మీకు రోజూ పనికొచ్చేది అదే కాబట్టి ముందు దాన్నే వివరంగా చెబుతాను.

మొదట ఖాళీ సరిపోతుందో లేదో చూసుకోండి. స్విఫ్ట్ పొడవు సుమారు 3.85 మీటర్లు. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 5.7 మీటర్ల దాకా ఉంటే కొత్తలో కూడా హాయిగా పడుతుంది. అంతకన్నా బాగా తక్కువుంటే ఇప్పుడప్పుడే ప్రయత్నించకండి. ఎడమ ఇండికేటర్ వేసి, ఖాళీకి ముందున్న కారు పక్కకు వెళ్లి ఆపండి. రెండు కార్లకూ మధ్య రెండు మూడు అడుగుల సందుండాలి, వెనక బంపర్లు రెండూ ఒకే వరసలో ఉండాలి. అక్కడ రివర్స్ వేసి స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పి మెల్లగా వెనక్కి రండి. ఈ క్షణంలో మీ కారు ముక్కు కుడివైపు రోడ్డులోకి పొడుచుకొస్తుంది. బెంగళూరులో స్కూటర్ వాళ్లు సరిగ్గా ఆ సందులోంచే దూరతారు. అందుకే చూపు వెనకే కాదు, కుడి ముందు మూల మీద కూడా ఉండాలి. ఎవరైనా వస్తుంటే ఆగిపోండి, వాళ్లు పోయాకే కదలండి.

కుడి అద్దంలో వెనక కారు ఎడమ హెడ్‌లైట్ కనబడగానే స్టీరింగ్ నేరుగా పెట్టండి. అలాగే వెనక్కి వస్తూ మీ ఎడమ ముందు మూల ముందు కారు వెనక బంపర్‌ను దాటిందాకా స్టీరింగ్ కదపకండి. దాటాకే పూర్తిగా కుడికి తిప్పండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. తొందరపడి ముందే తిప్పితే మీ ముక్కు ముందు కారుకు గీసుకుంటుంది, లేదా కారు ఫుట్‌పాత్‌కు మూడడుగులు దూరంగా నిలబడుతుంది. ఆలస్యంగా తిప్పితే వెనక చక్రం ముందుగా ఫుట్‌పాత్ రాయికి తగులుతుంది. రాయి తగిలిందంటే ఇంకా ఎక్సలేటర్ నొక్కకండి. టైరు పక్కగోడ నలిగితే తర్వాత ఉబ్బు వస్తుంది, దానికి పంక్చర్ షాపులో రిపేరు ఉండదు, టైరే మార్చాలి. దూరంగా నిలబడినా, రాయికి తగిలినా అక్కడే ముందుకూ వెనక్కూ జరుపుతూ సరిచేయాలని చూడకండి. బయటికొచ్చి మళ్లీ మొదటి నుంచి చేయడమే తక్కువ పని.

దూరం కొలవడానికి ఎడమ అద్దాన్ని కిందికి వంచి వెనక చక్రాన్నీ రాయినీ కలిపి చూడండి. నా లెక్క జానెడు, అంటే తొమ్మిది అంగుళాలు. బెత్తెడే వదిలితే, రాయి ఎత్తుగా ఉన్నచోట ఎడమ డోర్ అడుగు స్లాబుకు రాసుకుంటుంది. రెండు జానలకు మించితే కారు కుడివైపు రోడ్డులోకి చొచ్చుకొస్తుంది. ఫుట్‌పాత్ అంచుకు దూరంగా ఆపకూడదని నిబంధన కూడా ఉంది.

ఇక ఏటవాలు. గీతలు గీసి ఉంటేనే పెట్టండి. ఎందుకో మా క్రాసు లెక్క చూస్తే తెలుస్తుంది. 30 మీటర్ల పొడవులో పారలల్‌గా అయిదు కార్లు పడితే, 45 డిగ్రీల కోణంలో ఎనిమిది పడతాయి. అందుకే అందరికీ అది లాభంగా కనిపిస్తుంది. కానీ పార్కింగ్ గడి 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు అనుకుంటే, 45 డిగ్రీల్లో అది రోడ్డు వెడల్పులో 5.3 మీటర్లు తినేస్తుంది. మా రోడ్డు మొత్తం 9 మీటర్లు. ఎదురుగా పారలల్‌గా ఉన్న కార్లకు 2 మీటర్లు తీసేస్తే మిగిలేది 1.7. అందులో ఆటో పోతుందేమో, అంబులెన్స్ పోదు. పైగా ముక్కు లోపలికి పెట్టి ఆపితే బయటికి రివర్స్‌లో రావాలి, పక్కన పెద్ద బండి ఉంటే వచ్చేవాళ్లు అసలు కనిపించరు. లంబంగా పెట్టే చోట, అంటే మాల్ బేస్‌మెంట్‌లో, ఇదే కారణంగా నేను రివర్స్‌లో లోపలికి వెళ్లి ముక్కుతో బయటికి వస్తాను. ఎడమ పక్క వాళ్లను ముందే దింపేసి, కారును ఎడమకు కాస్త జరిపి పెడితే నా డోర్ తెరుచుకోవడానికి చోటు మిగులుతుంది.

మూలల సంగతి నేను ఒక తెల్లవారుజామున నేర్చుకున్నాను. మొదటి ఏడాది చోటు దొరక్క క్రాసు మలుపు లోపలే, మూలకు ఆరు మీటర్ల దూరంలో పెట్టి పడుకున్నాను. ఎదురింటి పెద్దాయన తలుపు కొట్టి "మీ కారు కాస్త తీయండి బాబూ, లారీ తిరగట్లేదు" అన్నారు. వెళ్లి చూస్తే చెత్త లారీ మెయిన్ రోడ్డుకు అడ్డంగా ఆగి ఉంది. దాని వెనకాల పాల వ్యాను, రెండు స్కూల్ బస్సులు. పొడవాటి బండి మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, మూల వైపు కోసుకుని వస్తాయి. అందుకే డ్రైవర్ ముందు భాగాన్ని అవతలి అంచుదాకా తీసుకెళ్లి తిప్పాలి. సరిగ్గా ఆ అవతలి అంచులో నా కారు ఉంది. అది చెత్త లారీ కాబట్టి పది నిమిషాల ఆలస్యంతో పోయింది. ఫైరింజన్ అయి ఉంటే? ఆ ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం కూడలి అంచు నుంచి ముందూ వెనకా 50 మీటర్ల దాకా పార్క్ చేయకూడదు. మన లేఅవుట్లలో చాలాచోట్ల క్రాసుకూ క్రాసుకూ మధ్య వంద మీటర్లే ఉండవు. అంటే అక్షరాలా పాటిస్తే అలాంటి వీధిలో చోటే మిగలదు. కాబట్టి పార్కింగ్ గీతలు గానీ, బోర్డు గానీ ఉన్న చోటు వెతుక్కోండి. దూరమైతే నడవండి. నేను ఇప్పుడు నెల అద్దెకు దొరికిన ఖాళీ సైటులో పెడుతున్నాను, ఇంటికి ఆరు నిమిషాల నడక. కొన్ని వీధుల్లో సరి తేదీల్లో ఒక పక్క, బేసి తేదీల్లో ఇంకో పక్క అని బోర్డు ఉంటుంది. రాత్రి పెట్టేటప్పుడు మరుసటి తేదీ చూసుకోండి.

మీరు విన్న 15 అడుగులు కాలిఫోర్నియా లాంటి అమెరికా రాష్ట్రాల రూలు. మన నిబంధనలో మీటర్ల లెక్క లేదు, ఫైర్ హైడ్రెంట్‌కు అడ్డంగా పెట్టకూడదని మాత్రమే ఉంది. అయినా ఆ 15 అడుగులు చెడ్డ కొలత కాదు, మీ కారు పొడవు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఇక్కడ వీధిలో హైడ్రెంట్ అరుదుగా కనిపిస్తుంది గానీ, పెద్ద అపార్ట్‌మెంట్ల గేటు పక్కన గోడకు ఎర్ర పైపులు, మూతలు బిగించిన నోళ్లు గమనించండి. ఫైరింజన్ వచ్చి గొట్టం తగిలించి బిల్డింగ్ లోపలి పైపుల్లోకి నీళ్లు ఎక్కించేది వాటి ద్వారానే. వాటి ముందు ఖాళీగా ఉందని అయిదు నిమిషాలకు కూడా ఆపకండి. గేటుకు అడ్డం లేదు కదా అని చాలామంది పెట్టేది అక్కడే.